క్రెడిట్ కార్డు బిల్లులు, ఫండ్ కొనుగోళ్ల మీద ఐటీ నోటీసు వస్తే: డబ్బు ఎక్కడిదో చూపిస్తూ జవాబు ఎలా రాయాలి

జీతం పదహారు లక్షలు చూపించారు, కార్డు బిల్లులూ ఫండ్ కొనుగోళ్లూ కలిపి ముప్పై రెండు లక్షలు దాటాయి, ఈ డబ్బు ఎక్కడిది? ఆదాయపు పన్ను శాఖ నుంచి ఈ మధ్య వస్తున్న చాలా నోటీసుల సారాంశం ఇదే. ఈ ప్రశ్నకు జవాబు చాలామంది దగ్గర నిజంగానే ఉంటుంది. ఆ జవాబును అంకెలతో, తేదీలతో, కాగితాలతో ఎదుటివాళ్లు పది నిమిషాల్లో సరిచూసుకునేలా పెట్టడంలోనే పొరపాట్లు జరుగుతాయి. ఆ పని ఎలా చేయాలో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

ముందు నోటీసు అసలుదో కాదో, ఏ సెక్షన్‌దో చూడండి

మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకండి. eportal.incometax.gov.in సైటు మీరే తెరిచి, మొదటి పేజీలో ఉన్న Authenticate Notice/Order Issued by ITD లో నోటీసు మీద ముద్రించిన గుర్తింపు సంఖ్య, అంటే డిన్ నంబరు కొట్టండి. 2019 అక్టోబరు నుంచి శాఖ పంపే నోటీసుల మీద ఈ నంబరు ఉండాలి. ఆ తర్వాత లాగిన్ అయి Pending Actions లో e-Proceedings చూడండి. అసలు నోటీసైతే అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు సెక్షన్ చూడండి. e-Campaign పేరుతో వచ్చేది నోటీసు కాదు, హెచ్చరిక లాంటి సందేశం. అప్పటికి రిటర్నులో ఏదైనా ఆదాయం వదిలేసినట్టు తేలితే అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకునే దారి ఇంకా ఉంటుంది. 133(6) కింద వచ్చిందంటే సమాచారం మాత్రమే అడుగుతున్నారు. 148A(1) కింద వచ్చిందంటే మీ పాత కేసును తిరగదోడటానికి సిద్ధమై, ఎందుకు తెరవకూడదో చెప్పమని అడుగుతున్నారన్నమాట. ఈ మూడోదాన్నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాం, ఎందుకంటే ఇక్కడ మంచి జవాబు ఇస్తే కేసు తెరుచుకోకుండానే ముగిసే అవకాశం ఉంది. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, అంతకు ముందరి సంవత్సరాలకు 1961 చట్టమే వర్తిస్తుంది. అందుకే సెక్షన్ నంబర్లు పాతవే కనిపిస్తాయి.

నోటీసులో జవాబుకు గడువు తేదీ ఉంటుంది. బ్యాంకు నుంచి పాత స్టేట్‌మెంట్లు రావడానికి టైము పడుతుందనిపిస్తే, ఆ తేదీ దాటకముందే అదే పేజీలో Seek/View Adjournment నొక్కి, ఏ కాగితం కోసం ఎన్ని రోజులు కావాలో రాయండి. గడువు దాటాక అడిగితే వినాలన్న నియమం లేదు.

వాళ్ల అంకె ఎలా పుట్టిందో తెలిస్తే సగం పని అయినట్టే

బ్యాంకులు, ఫండ్ సంస్థలు ఏటా మే 31లోపు పెద్ద లావాదేవీల జాబితా శాఖకు పంపుతాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక బ్యాంకు కార్డుల మీద మీరు కట్టిన బిల్లులు 10 లక్షలు చేరితే, లేదా నగదుగా కట్టింది లక్ష చేరితే ఆ బ్యాంకు పంపుతుంది. ఒక ఫండ్ సంస్థ యూనిట్ల కోసం మీ నుంచి 10 లక్షలు లేదా అంతకు మించి తీసుకుంటే అది పంపుతుంది. ఈ జాబితాలన్నీ మీ పాన్ మీద చేర్చి శాఖ పోర్టల్‌లో చూపే వార్షిక సమాచార పత్రమే ఏఐఎస్. మీ ఏఐఎస్‌లో కార్డు బిల్లులు SFT-006 గానూ, ఫండ్ కొనుగోళ్లు SFT-010 గానూ కనిపిస్తాయి.

ఇందులో మూడు మెలికలున్నాయి. మొదటిది, కార్డు విషయంలో శాఖకు చేరేది మీరు గీసిన మొత్తం కాదు, కట్టిన మొత్తం. మార్చిలో కొన్న ఫ్రిజ్ బిల్లు ఏప్రిల్‌లో కడితే అది తర్వాతి సంవత్సరం లెక్కలోకి వెళుతుంది. రెండోది, ఫండ్ విషయంలో వెళ్లేది కొనుగోళ్లు మాత్రమే, అమ్మకాలు తీసేసిన నికరం కాదు. ఒక స్కీము నుంచి మరో స్కీముకు నేరుగా మార్చుకున్నది ఆ కొనుగోళ్ల లెక్కలోకి రాకూడదు. కానీ అదే డబ్బును బ్యాంకులోకి తీసుకుని మళ్లీ పెడితే రెండోసారి కొనుగోలుగానే పడుతుంది. ఏడు లక్షలు మూడుసార్లు తిప్పితే వాళ్లకు ఇరవై ఒకటిగా కనిపిస్తుంది. మూడోది, ఫోలియో ఇద్దరి పేరు మీద ఉంటే మొత్తం విలువ ఇద్దరికీ అంటగట్టాలని నియమంలోనే ఉంది. భర్త జీతంతో కొన్న యూనిట్లలో రెండో పేరుగా ఉన్న గృహిణికి నోటీసు రావడానికి కారణం ఇదే. ఆమె జవాబు చిన్నది: డబ్బు ఫలానా పాన్ నంబరున్న భర్త ఖాతా నుంచి వెళ్లింది, ఆ ఖాతా స్టేట్‌మెంటు ఇది, ఆయన రిటర్ను ఇది.

కాగితాలు ఏ క్రమంలో తెచ్చుకోవాలి

మొదట కార్డు కంపెనీ నుంచి ఆ ఏడాది స్టేట్‌మెంట్లన్నీ తెచ్చుకుని, వాటిలో చెల్లింపు జమైన వరుసలు మాత్రమే తేదీలవారీగా ఒక ఎక్సెల్‌లో రాయండి. వాటి మొత్తం నోటీసులోని అంకెతో సరిపోవాలి. సరిపోకపోతే ఎంత తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో అక్కడే తేల్చండి.

ఫండ్లకు క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ సైట్ల నుంచి కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ అడగండి. Summary కాకుండా Detailed ఎంచుకుని, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా తేదీలు ఇవ్వాలి. సమ్మరీలో ఆఖరి నిల్వ తప్ప లావాదేవీలు ఉండవు, దాన్ని జత చేసి ప్రయోజనం లేదు.

ఆ తర్వాత మీ బ్యాంకు ఖాతాలన్నిటి స్టేట్‌మెంట్లు. వీటిని పంపే ముందు మీరు ఒకసారి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవాలి. అడిగింది ఫండ్ల గురించే అయినా, స్టేట్‌మెంటు చూసేవాళ్లకు ప్రతి జమా కనిపిస్తుంది. ఇంటద్దె, ట్యూషన్ ఫీజు, షేర్ల డబ్బు లాంటివి రిటర్నులో లేకుండా అక్కడ ఉంటే, రేపు ప్రశ్న దాని మీదే వస్తుంది. అలాంటిది ఉంటే జవాబు మీరే రాయకుండా ఆడిటర్ దగ్గరికి వెళ్లండి. పీడీఎఫ్‌లో వరుసలు చెరిపేసే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. బ్యాంకు నుంచి అసలుది తెప్పించుకోవడం వాళ్లకు పెద్ద పని కాదు.

ఉదాహరణ: 2022-23 లెక్క

హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి అనుకుందాం. జీతం 16,20,000, పన్ను, పీఎఫ్ పోను చేతికొచ్చింది 13,40,000. నోటీసులో కార్డు బిల్లులు 11,84,000, ఫండ్లు 21,00,000, మొత్తం 32,84,000.

కార్డు చెల్లింపులు విడగొడితే ఇలా తేలింది. కంపెనీ పని మీద తిరిగిన విమానం, హోటల్ ఖర్చులు 4,36,000, వాటిని కంపెనీ తిరిగి ఇచ్చింది. అక్క కూతురి పెళ్లి సామాన్లకు ఈయన కార్డు వాడి, బావ ఖాతా నుంచి తిరిగి వేయించుకున్నది 2,60,000. సొంత ఇంటి ఖర్చు 4,88,000.

ఫండ్లలో, మేలో ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి వచ్చిన 7,00,000 లిక్విడ్ ఫండ్‌లో పెట్టారు. ఫ్లాటుకు అడ్వాన్స్ ఇద్దామని ఆగస్టులో 7,06,000గా వెనక్కి తీశారు. బేరం కుదరలేదు, అక్టోబరులో 7,00,000 మళ్లీ పెట్టారు. నెలకు 30,000 చొప్పున సిప్ 3,60,000. డిసెంబరులో నాన్న ఇచ్చిన 3,40,000 కూడా ఫండ్‌లోకే వెళ్లింది.

ఇప్పుడు ఏడాది మొత్తానికీ డబ్బు వచ్చిన దారి, పోయిన దారి ఒకే పట్టికలో పెట్టాలి. జవాబుకు వెన్నెముక ఇదే.

| వచ్చింది | రూపాయలు | పోయింది | రూపాయలు |
|---|---|---|---|
| ఏప్రిల్ 1 నాటి బ్యాంకు నిల్వ | 2,10,000 | కార్డు బిల్లులు | 11,84,000 |
| చేతికొచ్చిన జీతం | 13,40,000 | ఫండ్ కొనుగోళ్లు | 21,00,000 |
| డిపాజిట్ వడ్డీతో సహా | 7,00,000 | ఇంటి లోను కిస్తీలు | 4,20,000 |
| ఫండ్ నుంచి వెనక్కి | 7,06,000 | యూపీఐ, నగదు ఖర్చులు | 1,32,000 |
| కంపెనీ తిరిగి ఇచ్చింది | 4,36,000 | మార్చి 31 నాటి నిల్వ | 1,56,000 |
| బావ తిరిగి వేసింది | 2,60,000 | | |
| నాన్న ఇచ్చింది | 3,40,000 | | |
| మొత్తం | 39,92,000 | మొత్తం | 39,92,000 |

కిస్తీలు, నగదు ఖర్చులు నోటీసులో అడగలేదు కదా అని వదిలేస్తే పట్టిక కలవదు. పైగా ఇంటి లోను కట్టే మనిషికి ఆ ఖర్చు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న కొత్తగా పుడుతుంది. మొదటి, చివరి నిల్వలు బ్యాంకు స్టేట్‌మెంటుతో రూపాయి దాకా కలవాలి.

ఏడాది మొత్తం కలిస్తే చాలదు, తేదీలు కలవాలి

జవాబులు ఎక్కువగా విరిగేది ఇక్కడే. నాన్న డబ్బు డిసెంబరు 12న వచ్చి, ఫండ్ 14న కొంటే కథ నిలుస్తుంది. ఫండ్ 5న కొని ఉంటే, ఏడాది లెక్క ఎంత అందంగా కలిసినా ఆ కొనుగోలుకు అది మూలం కాదు, ఇంకేదో చూపాలి.

తిప్పిన ఏడు లక్షలకు కూడా ఇదే పరీక్ష ఉంది. ఆగస్టులో వెనక్కి తీసిన డబ్బే అక్టోబరులో పెట్టామంటే, మధ్యలో బ్యాంకు నిల్వ ఏడు లక్షలకు కిందికి దిగకూడదు. సెప్టెంబరులో ఒకరోజు నిల్వ మూడు లక్షలకు పడిపోయిందంటే ఆ డబ్బు వేరేచోటికి వెళ్లిందనే అర్థం. అప్పుడు ఆ వేరేచోటు ఏమిటో, తిరిగి ఎలా వచ్చిందో చూపాలి. స్నేహితుడికి నెల రోజులకు ఇచ్చి వెనక్కి తీసుకున్నా ఫరవాలేదు, రెండు వైపులా బ్యాంకు ఎంట్రీలు ఉంటే చాలు. అందుకే పెద్ద కొనుగోలు ప్రతిదాని పక్కనా మూడు విషయాలు రాయండి: కొన్న తేదీ, అంతకు ముందు రోజు బ్యాంకు నిల్వ, ఆ నిల్వలోకి డబ్బు తెచ్చిన ఎంట్రీ.

ఒక్కో మూలానికి ఏ రుజువు నిలుస్తుంది

కంపెనీ తిరిగి ఇచ్చిన డబ్బుకు క్లెయిమ్ షీట్లు, అవి ఖాతాలో పడిన తేదీలు, హెచ్‌ఆర్ లేదా అకౌంట్స్ వాళ్లిచ్చిన ఒక పేజీ లెటరు చాలు. ఆ డబ్బు జీతంలో భాగం కాదని, ఫామ్ 16లో లేదని లెటరులో ఉంటే మంచిది.

బావ డబ్బును తేలిగ్గా పోతుందని గిఫ్ట్ అని రాయకండి. అక్క భర్త చట్టం ప్రకారం బంధువే, ఆయనిచ్చే గిఫ్ట్ మీద పన్ను లేదు. కానీ ఇది గిఫ్ట్ కాదు, ఆయన ఖర్చు మీ కార్డు మీద పడి తిరిగి వచ్చింది. గిఫ్ట్ అంటే ఆ 2,60,000 కార్డు ఖర్చు మీ సొంతమైపోతుంది, ఆ బిల్లుల మీదేమో బావ పేరు ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాసి, ఆయన పేరిట ఉన్న బిల్లులు, ఆయన పాన్‌తో సంతకం చేసిన ధృవీకరణ, ఆయన ఖాతాలో డబ్బు పోయిన పేజీ జత చేయండి. నగదుగా ఇచ్చి ఉంటే ఈ మూలం బాగా బలహీనం. ఆ నగదు మీ ఖాతాలో పడిన రోజు, ఆయన ఖాతా నుంచి తీసిన రోజు దగ్గరదగ్గరగా ఉంటేనే నిలబడుతుంది.

నాన్న ఇచ్చిన దానికి గిఫ్ట్ లెటరు ఒక్కటి సరిపోదు. ఇచ్చిన మనిషి ఎవరు, ఆయనకు ఇచ్చే స్తోమత ఉందా, డబ్బు నిజంగా చేతులు మారిందా, ఈ మూడూ చూస్తారు. ధాన్యం అమ్మిన డబ్బు అయితే నాన్న పట్టాదారు పాసు పుస్తకం, ఆయన బ్యాంకు ఖాతాలో కొనుగోలు కేంద్రం నుంచి డబ్బు పడిన పేజీ లేదా కమీషన్ వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీ ఉండాలి. అధికారి గుణకారం చేసి చూస్తాడు, మీరూ ముందే చేసి చూడండి. 2022-23లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,060 రూపాయలు. 3,40,000 రావాలంటే 165 క్వింటాళ్లు అమ్మాలి. ఎకరాకు పాతిక క్వింటాళ్లు వేసుకున్నా అది ఆరున్నర ఎకరాల పంట, అందులోంచి పెట్టుబడి ఖర్చు పోవాలి. ఐదెకరాల పాసు పుస్తకం చూపితే ఒక్క పంటతో ఈ లెక్క తేలదు. రెండు మూడు పంటల పొదుపు అని ఆయన పాత స్టేట్‌మెంట్లతో చూపాలి. రెండెకరాలే ఉంటే వ్యవసాయం పేరు చెప్పి లాభం లేదు, ఆయన పెన్షనో, పొలం అమ్మిన డబ్బో అసలు మూలం ఏదుంటే అది రాయండి.

అమెరికాలో ఉన్న కొడుకు పంపిన డబ్బుతో గుంటూరులో తల్లిదండ్రులు ఫండ్లు కొన్నా పద్ధతి ఇదే. అక్కడి నుంచి వచ్చిన రెమిటెన్స్ వివరం, కొడుకు పాస్‌పోర్టు, అక్కడి జీతానికి ఒక రుజువు, బంధుత్వం చెప్పే కాగితం కావాలి.

ఒక మూలం మాత్రం చాలామందిని ఇరికిస్తోంది. రివార్డు పాయింట్ల కోసమో, చేతిలో డబ్బు ఆడటానికో యాప్‌లో అద్దె కింద కార్డు గీసి, స్నేహితుడి ఖాతాకు పంపి, ఆయన నుంచి వెనక్కి వేయించుకోవడం. నెలకు 80,000 చొప్పున ఇలా తిప్పితే ఏడాదికి 9,60,000 కార్డు బిల్లు తయారవుతుంది. ఆదాయం పుట్టలేదు, నిజమే. అలాంటప్పుడు ప్రతి నెలా పోయిన, వచ్చిన ఎంట్రీలను జంటలుగా చూపించి అదే డబ్బు తిరిగిందని రాయడమే దారి. కానీ అదే అద్దెకు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కూడా తీసుకుని ఉంటే వ్యవహారం మారిపోతుంది, అప్పుడు ఆ మినహాయింపును వదులుకోక తప్పదు.

తప్పిన చిన్న ఆదాయాన్ని మీరే చెప్పండి

పై ఉదాహరణలో 7,00,000 పెట్టి 7,06,000 తీశారు. ఆ 6,000 స్వల్పకాల మూలధన లాభం, రిటర్నులో ఉండాలి. లేకపోతే జవాబులోనే ఒప్పుకుని, దాని మీద పన్ను 31.2 శాతం చొప్పున 1,872 రూపాయలు అని లెక్కతో రాయండి. కేసు తెరిచి 148 కింద రిటర్ను వేయమంటే అందులో చూపుతామని కూడా రాయండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకీ అంతే. అసలు మూలం చూపిస్తూ లాభాన్ని దాచినట్టు కనిపిస్తే మిగతా జవాబు మీద నమ్మకం పోతుంది.

దీన్ని మరో అంకె పక్కన పెట్టి చూడండి. అక్టోబరు 7,00,000కు మూలం చూపలేకపోతే 69వ సెక్షన్ కింద వివరణ లేని పెట్టుబడి అవుతుంది. మూలం లేని కార్డు ఖర్చయితే 69సీ. రెంటికీ 115బీబీఈ ప్రకారం పన్ను, సర్‌ఛార్జి, సెస్సు కలిపి ఆ సంవత్సరానికి 78 శాతం, అంటే ఏడు లక్షల మీద 5,46,000. స్లాబులూ మినహాయింపులూ దానికి వర్తించవు. వడ్డీ, పెనాల్టీ వేరు.

జవాబు రాయడం, ఎక్కించడం

జవాబు ఇంగ్లీషులో, రెండు మూడు పేజీల్లో ఉంటే చాలు. పైన పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం, నోటీసు డిన్, తేదీ. 2022-23 లావాదేవీలకు అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24, ఇది తారుమారు చేసేవాళ్లు తక్కువేం కాదు. నోటీసుతో పాటు వాళ్ల దగ్గరున్న సమాచారం జత చేయకపోతే మొదటి పేరాలోనే అది ఇవ్వమని అడగండి. దానికోసం ఆగి, మీ జవాబు ఆపవద్దు. ఆ తర్వాత అసలు విషయం ఈ ధోరణిలో సాగాలి:

> మీరు చూపిన 11,84,000 కార్డు చెల్లింపులు, 21,00,000 ఫండ్ కొనుగోళ్లు నా పాన్ మీద జరిగినవేనని ఒప్పుకుంటున్నాను. ఫండ్ కొనుగోళ్లలో 7,00,000 అంతకుముందు కొన్న యూనిట్లను వెనక్కి తీసిన డబ్బుతోనే మళ్లీ కొన్నవి. వెనక్కి తీసిన ఎంట్రీ అనుబంధం 3, పేజీ 4లో, ఆ రెండు తేదీల మధ్య బ్యాంకు నిల్వ అనుబంధం 2, పేజీలు 11 నుంచి 13లో ఉన్నాయి. మిగతా 14,00,000కు మూలం అనుబంధం 1 పట్టికలో వరుసవారీగా ఇచ్చాను. 6,000 లాభం తప్ప, ఈ లావాదేవీల వల్ల పన్నుకు రాకుండా తప్పిన ఆదాయం లేదు.

ప్రతి వాక్యం ఒక పేజీ నంబరు వైపు వేలు చూపాలి. జరిగిన లావాదేవీని జరగలేదనకండి. ఏఐఎస్‌లో కూడా Information is denied నొక్కితే శాఖ ఆ ప్రశ్నను బ్యాంకుకే పంపుతుంది, బ్యాంకు నిజమేనని తిరిగి చెబుతుంది. ఏఐఎస్‌లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చినంత మాత్రాన నోటీసుకు జవాబు ఇచ్చినట్టు కూడా కాదు, అది వేరే గది.

ఎక్కించేటప్పుడు ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు. స్కాన్ చేసిన ఏడాది స్టేట్‌మెంటు సులువుగా దాటిపోతుంది, బ్యాంకు సైటు నుంచి నేరుగా దించుకున్న పీడీఎఫ్ తేలిగ్గా ఉంటుంది. దాని పాస్‌వర్డు తీసేసే ఎక్కించండి, లేకపోతే అవతల తెరుచుకోదు. ఫైళ్లకు Annexure1_FundFlow.pdf, Annexure2_BankStatement.pdf అన్నట్టు పేర్లు పెట్టండి. ఒక కాగితం ఇంకా రావాల్సి ఉంటే Partial Response ఎంచుకుని ఉన్నవి పంపండి, అంతా సిద్ధమయ్యాకే Full Response. పంపాక వచ్చే రసీదును దించుకుని దాచుకోండి.

జవాబు చూశాక అధికారి 148A(3) కింద ఆర్డరు ఇస్తారు. ఒప్పుకుంటే అక్కడితో ముగుస్తుంది. లేదంటే 148 నోటీసు వస్తుంది, అందులో ఇచ్చిన గడువులో ఆ సంవత్సరానికి రిటర్ను మళ్లీ వేయాలి. వేసేటప్పుడు ముందు ఇచ్చిన పట్టికలోని అంకెలు మార్చకండి. మార్చక తప్పకపోతే ఏది, ఎందుకు మారిందో రాసి వేయండి.